జపాన్, చైనా కొనుగోలుదారుకు తొలి మెయిల్: పేరు ఏ వరుసలో రాయాలి, హోదా ఎక్కడ పెట్టాలి

భీమవరంలో రొయ్యలు శుద్ధి చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. అక్కడ ఎగుమతుల వ్యవహారం చూసే ఆమె పేరు కందుల లక్ష్మీప్రసన్న. ఉదాహరణ కోసం పెట్టుకున్న పేరు ఇది. ఆమె ఒసాకాలోని ఒక దిగుమతిదారుకూ, చైనాలో రొయ్యల వ్యాపారానికి పేరుపడిన జాన్‌జియాంగ్‌లోని ఒక కంపెనీకీ తొలి మెయిల్ పంపాలి. ధరలు, సైజులు, సర్టిఫికెట్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మెయిల్ మొదట్లో ‘డియర్ సర్’ అని, చివర్లో ‘కందుల లక్ష్మీ ప్రసన్న, బీకాం, ఎంబీఏ, వైస్ ప్రెసిడెంట్’ అని ఉంది.

అందుకున్నవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. ఈ మూడు మాటల్లో ఏ మాటతో ఈమెను పిలవాలి? ఈమె హోదాకు సరితూగేలా మావైపు నుంచి ఎవరు జవాబు రాయాలి? ఆ రెండూ తేలకపోతే జవాబు రాసేవారి చెయ్యి మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. తెలియక అడగటం వారికి మొహమాటం, తప్పుగా రాయడం అంతకన్నా పెద్ద మొహమాటం. కాబట్టి ఆ రెండు సందేహాలూ రాకుండా మెయిల్‌ను పైనుంచి కిందికి ఎలా కట్టాలో చూద్దాం.

మొదట మీ పేరు సంగతి తేల్చుకోండి

ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత అనే వరుసలో తెలుగువాళ్లూ జపనీయులూ చైనీయులూ ఒక్కటే. తేడా పిలుపులో ఉంది. యమదా తరో అనే మనిషిని జపాన్‌లో ఇంటిపేరుతో ‘యమదా-సాన్’ అంటారు. మనం కందుల లక్ష్మీప్రసన్నను ‘ప్రసన్న గారూ’ అంటాం కానీ ‘కందుల గారూ’ అని పిలిచేది ఎప్పుడో గానీ ఉండదు. వాళ్లు ఏ విదేశీ పేరు చూసినా అందులో ఇంటిపేరు ఏదా అని వెతుకుతారు. విదేశీయులందరూ ఇంటిపేరును చివర రాస్తారన్న అలవాటుతో చివరి మాటను పట్టుకుంటారు.

దీని ఫలితం ఒక్కో రాతకు ఒక్కో రకంగా ఉంటుంది. `Kandula Lakshmi Prasanna` అని రాస్తే చివరి మాట ఇంటిపేరనుకుని ‘ప్రసన్న-సాన్’ అని జవాబిస్తారు. పొరపాటు మీదుగా వచ్చినా మనకు కావలసిన పిలుపే వచ్చింది. `K. L. Prasanna` అన్నా అంతే. అదే `Lakshmi Prasanna Kandula` అని రాస్తే ‘కందుల-సాన్’ అవుతుంది. `Prasanna K` అని రాస్తే మాత్రం చిక్కే. ఒక్క అక్షరాన్ని ఇంటిపేరుగా పిలవలేరు, ఉన్న ఒక్క మాటా సొంత పేరేమో, అలా పిలిస్తే చనువు తీసుకున్నట్టు అవుతుందేమో అని సందేహిస్తారు.

పేరు చివర రావు, రెడ్డి, చౌదరి ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. శ్రీనివాసరావును `Srinivasa Rao` అని విడదీసి రాస్తే ‘రావు-సాన్’ అవుతారు. దానివల్ల నష్టమేమీ లేదు, చాలామంది దానికే అలవాటు పడిపోయారు. అయితే ఒకే మెయిల్‌లో మీ కంపెనీ నుంచి ఇద్దరు రావులు, ముగ్గురు రెడ్లు ఉంటే అవతలివాళ్లు అందరూ ఒకే కుటుంబమనుకుంటారు. కుటుంబ కంపెనీ అనే అభిప్రాయం కూడా కలగవచ్చు. అలాంటిచోట విడదీయకుండా `Srinivasarao` అని కలిపి రాసుకోవడం మేలు.

నా సలహా ఇది. సంతకంలో ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో రాయండి, పిలవాల్సిన పేరును విడిగా ఒక్క ముక్కలో చెప్పండి. ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో రాస్తే అది ముందున్నా వెనకున్నా ఇంటిపేరేనని జపాన్‌లో, చైనాలో వ్యాపారం చేసేవాళ్లు గుర్తుపడతారు. పిలుపు కోసం ప్రసన్న అనే మాటను పెద్ద అక్షరాల్లో పెట్టాలనే ఆశ కలుగుతుంది, పెట్టకండి. రేపు మీరు అక్కడికి వెళ్లాల్సి వస్తే వాళ్లు ఆహ్వాన పత్రం రాసేటప్పుడు మీ సంతకాన్నే చూసి ఇంటిపేరు గడిలో ప్రసన్న అని నింపుతారు. ఆ పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే వీసా దగ్గర పత్రం మళ్లీ రాయించుకోవాల్సి వస్తుంది.

ఒకసారి తేల్చుకున్నాక ఆ పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మెయిల్ పెట్టెలో పంపినవారి పేరుగా కనిపించేది, సంతకం, విజిటింగ్ కార్డు, వీడియో సమావేశంలో తెరమీద వచ్చే పేరు, చైనీయులు వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌లో పేరు. మెయిల్ సెట్టింగుల్లో ఏళ్ల కిందట పెట్టిన ‘ప్రసన్న కె’ అలాగే ఉండిపోయి, సంతకంలో ఇంకోటి కనిపిస్తే ఇద్దరు వేర్వేరు మనుషులనుకున్న సందర్భాలు ఉన్నాయి. కొత్త కొనుగోలుదారుకు రాసే ముందు మీకే ఒక మెయిల్ పంపుకుని, పెట్టెలో ఎలా కనిపిస్తోందో చూడండి.

జపాన్: అవతలి పేరులో ఇంటిపేరు ఏది?

జపాన్ పేర్లతో వచ్చే అయోమయానికి కారణం చరిత్రలో ఉంది. మెయిజీ కాలం నుంచీ, అంటే పందొమ్మిదో శతాబ్దం చివరి భాగం నుంచీ జపనీయులు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తమ పేరును తిరగేసి, ఇంటిపేరు చివర పెట్టడం అలవాటు చేసుకున్నారు. 2019 మేలో అప్పటి విదేశాంగ మంత్రి కోనో తరో, ప్రధాని పేరును అబె షిన్‌జో అనే వరుసలో రాయాలని విదేశీ పత్రికలను కోరతానని ప్రకటించారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలోనూ ఇంటిపేరే ముందు రాస్తున్నారు. కంపెనీలు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తున్నాయి. అందుకే ఒకే కంపెనీలో ఒకరి కార్డు మీద `Taro Yamada` అని, పక్కవారి కార్డు మీద `YAMADA Taro` అని ఉంటుంది.

ఏది ఇంటిపేరో పట్టుకోవడానికి మూడు చోట్ల చూడండి. పెద్ద అక్షరాల్లో ఒక మాట ఉంటే అదే. లేకపోతే మెయిల్ చిరునామా చూడండి. చాలా కంపెనీల్లో ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరులో ఒక్క అక్షరం వాడతారు. `t-yamada` లాంటిది కనిపిస్తే సందేహమే లేదు. అదీ లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో జపనీస్ పేజీ తెరవండి. కంజీ లిపిలో ఎప్పుడూ ఇంటిపేరే ముందు, చాలాసార్లు మధ్యలో ఖాళీ కూడా వదులుతారు: `山田 太郎`. మాటల తీరు కూడా కొంత చెబుతుంది. సతో, సుజుకి, తకహాషి, తనాకా, వతనాబె, నకామురా, కొబయాషి ఇంటిపేర్లు. ‘-మొతో’, ‘-మురా’, ‘-యమా’, ‘-గవా’తో ముగిసేవీ ఎక్కువగా ఇంటిపేర్లే.

కంజీలో రాయగలిగితే చూసి టైపు చేయకండి, వారి సంతకం నుంచో వెబ్‌సైటు నుంచో కాపీ చేసి పెట్టండి. వతనాబె అనే ఇంటిపేరుకు `渡辺`, `渡邊`, `渡邉` అని రకరకాల రూపాలున్నాయి. సైతోకు కూడా అంతే: `斉藤`, `斎藤`, `齋藤`. కంప్యూటర్ మొదట చూపించినదాన్ని ఎంచుకుంటే అది ఇంకొకరి ఇంటిపేరు అవుతుంది. కంపెనీ పేరులోనూ ఇదే జాగ్రత్త కావాలి. జాయింట్ స్టాక్ కంపెనీ అని చెప్పే `株式会社` అనేది కొన్ని కంపెనీలకు పేరు ముందు వస్తుంది, కొన్నింటికి వెనక. దాన్ని మార్చి రాస్తే చిన్న తప్పుగా చూడరు.

జపాన్: పేరు వెనక ఏమి పెట్టాలి?

ఇంగ్లిష్‌లో రాసే మెయిల్‌కు ఇంటిపేరు, దాని వెనక `-san`. ఇది చాలు. మన ‘గారు’ లాగే ఆడా మగా తేడా లేకుండా సరిపోతుంది, కాబట్టి అవతలివారు ఎవరో తెలియనప్పుడు ‘మిస్టర్’ కన్నా భద్రం. ‘మిస్టర్ యమదా-సాన్’ అని రెండూ తగిలించకూడదు. సొంత పేరుతో ‘డియర్ తరో’ అనడం తొలి మెయిల్‌లో అసలు కుదరదు. ఇంటిపేరు ఏదో ఎంత వెతికినా తేలకపోతే, వారు రాసుకున్న వరుసలోనే మొత్తం పేరు రాసి `-san` పెట్టండి. కాస్త ఎబ్బెట్టుగా ఉంటుందే కానీ అమర్యాద కాదు.

జపనీస్‌లో రాసేటప్పుడు `さん` సరిపోదు, `様` కావాలి. పలకడం ‘సమా’. ఇక్కడే హోదాతో తప్పు చేసేవాళ్లు ఎక్కువ. విభాగాధిపతిని బుచో అంటారు, రాయడం `部長`. దాన్ని పేరు వెనక పెట్టి ‘యమదా బుచో’ అంటే అందులోనే గౌరవం ఉంది. మర్యాద ఇంకాస్త పెంచుదామని `山田部長様` అని రాస్తే గౌరవం రెండుసార్లు చెప్పినట్టవుతుంది, వ్యాపార మెయిళ్లలో అది తప్పు. బయటివారికి రాసేటప్పుడు హోదాను పేరు ముందుకు తెచ్చి, పేరు వెనక `様` ఒక్కటే ఉంచాలి. పేరే తెలియకపోతే రెండు దారులున్నాయి. ఆ పని చూసే మనిషికి అయితే `ご担当者様`, కంపెనీకి లేదా విభాగానికి అయితే `御中`. ఆ రెండూ ఒకే చిరునామాలో కలపకూడదు.

ప్రసన్న జపనీస్ మెయిల్ పైభాగం ఇలా ఉండాలి:

```
株式会社〇〇
水産部 部長
山田 太郎 様

突然のご連絡失礼いたします。
インドのABC社で輸出を担当しております、
プラサンナと申します。
```

మొదట వారి కంపెనీ, తర్వాత విభాగం, హోదా, ఆ తర్వాత పూర్తి పేరు. కింద, చెప్పాపెట్టకుండా రాస్తున్నందుకు క్షమించమని ఒక వాక్యం. ఆ తర్వాత దేశం, కంపెనీ, పని, చివరికి పేరు. గమనించండి, మనిషి పేరు అన్నింటికన్నా చివర వచ్చింది. ‘నేను ప్రసన్నను’ అని మొదలుపెట్టి తర్వాత కంపెనీ సంగతి చెప్పడం మనకు సహజం, వాళ్లకు మాత్రం మనిషి ఏ కంపెనీ తరఫున వచ్చారో ముందు తెలియాలి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో `お世話になっております` అనే వాక్యం మొదట్లో ఉంటుంది. మీతో ఇప్పటికే వ్యవహారం నడుస్తున్నందుకు కృతజ్ఞతగా చెప్పే మాట అది. ముక్కూ మొహం తెలియనివారికి రాసే తొలి ఉత్తరానికి పనికిరాదు.

జపనీస్ తెలిసినవారు ఎవరూ మీ దగ్గర లేకపోతే ఇంగ్లిష్‌లోనే రాయండి. సగం అర్థమై సగం అర్థంకాని జపనీస్ కన్నా పొట్టి ఇంగ్లిష్ వాక్యాలు నయం. అప్పుడు కూడా క్రమం అదే: ముందు కంపెనీ, పని, ఆ తర్వాత పేరు. పేరు మాత్రం జపనీయులు విదేశీ పేర్లు రాసే కతకన లిపిలో ఒకసారి చేర్చండి, ఎందుకంటే మీకు ఫోన్ చేసేటప్పుడు చదవడానికి వారికి అదే ఆధారం. ప్రసన్నకు `プラサンナ`. పలికితే ‘పురసన్న’లా వినిపిస్తుంది, సర్దుకోవాలి. పేరు భాగాల మధ్య `・` అనే చుక్క పెడతారు: `ラクシュミ・プラサンナ`. జపనీస్ తెలిసిన మనిషితో ఒకసారి రాయించుకుని, ఇక దాన్ని మార్చకండి.

మీ పక్కవాళ్ల గురించి చెప్పేటప్పుడు

మీ పేరుకు మీరే సాన్ తగిలించుకోకూడదని చెప్పనక్కర్లేదు, మన దగ్గరా ఎవరూ తన పేరు చివర ‘గారు’ పెట్టుకోరు. చిక్కు మీ పైవారితో వస్తుంది. ‘మా ఎండీ గారు మీతో మాట్లాడాలనుకుంటున్నారు’ అనడం మనకు మర్యాద. జపనీస్‌లో బయటి కంపెనీతో మాట్లాడేటప్పుడు మీ కంపెనీ వాళ్లంతా మీతో సమానం. మీ అధ్యక్షుడైనా సరే, `弊社社長の` అని హోదా ముందు చెప్పి పేరును ఏ గౌరవమూ లేకుండా వదిలేయాలి. మన చెవికి అది కటువుగా ఉంటుంది, అయినా అక్కడి పద్ధతి అది. ఇంగ్లిష్ మెయిల్‌లో ఇంత పట్టింపు లేదు, ‘మిస్టర్’ పెట్టవచ్చు, కానీ మీ ఎండీ పేరుకు `-san` మాత్రం పెట్టకండి.

చైనాలో ఈ నియమం లేదు. అక్కడి ఉద్యోగి తన యజమాని గురించి మీతోనే `我们李总`, అంటే ‘మా లీ జొంగ్’ అని హోదాతో సహా చెబుతాడు. జపాన్ కోసం నేర్చుకున్న అణకువను చైనాకు మోసుకెళ్లి మీ ఎండీని ఉత్త పేరుతో రాస్తే, ఆయనకు కంపెనీలో విలువ లేదేమో అనుకుంటారు.

సంతకంలో ఏ హోదా రాయాలి?

ఈ భాగం దగ్గర కాస్త నిలబడదాం, డబ్బుతో నేరుగా ముడిపడిన పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

ప్రసన్న సంతకంలో ‘వైస్ ప్రెసిడెంట్’ అని ఉంది. మన కంపెనీల్లో ఆ హోదా చాలామందికి ఉంటుంది. జపాన్‌లో దాన్ని `副社長`గా, కంపెనీ అధ్యక్షుడి తర్వాతి స్థానంగా అనువదించుకునే ప్రమాదం ఉంది. చైనాలో `副总`గా చదువుకుంటారు. అంత పెద్ద మనిషి స్వయంగా రాశారని అవతల ఒక పెద్దాయన జవాబిస్తే, తర్వాతి మెయిల్‌లో ప్రసన్న ధర తగ్గించడానికి మా ఎండీని అడగాలి అన్నప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. ఆ హోదాకు ఆ అధికారం ఉంటుందని వాళ్లు అనుకున్నారు.

‘జనరల్ మేనేజర్’ది ఇంకో తిరకాసు. జపాన్ కార్డు వెనక ఇంగ్లిష్‌లో ఆ మాట ఉంటే అది సాధారణంగా బుచో, అంటే ఒక విభాగానికి అధిపతి. ‘మేనేజర్’ అంటే ఎక్కువగా కచో, ఆ కింది స్థాయి. చైనాలో ‘జనరల్ మేనేజర్’ `总经理`, కంపెనీని నడిపే మనిషే. ఒకే ఇంగ్లిష్ మాట రెండు దేశాల్లో రెండు అంతస్తులు. ‘డైరెక్టర్’ కూడా నమ్మదగిన మాట కాదు: జపాన్‌లో బోర్డు సభ్యుడైన `取締役` అనుకోవచ్చు, చైనాలో విభాగం చూసే `总监` కావచ్చు, బోర్డులో ఉండే `董事` కావచ్చు. మీది బోర్డు సభ్యత్వమైతే ఆ సంగతి విడిగా చెప్పండి.

కాబట్టి తొలి మెయిల్‌లో హోదా కన్నా పని రాయడం మంచిది. ‘ఎక్స్‌పోర్ట్ మేనేజర్’ అన్నా, ‘జపాన్‌కు రొయ్యల ఎగుమతి చూస్తాను’ అన్నా అవతలివాళ్లకు మీతో ఏ విషయం మాట్లాడాలో తెలుస్తుంది. కంపెనీ మీకు వైస్ ప్రెసిడెంట్ హోదా ఇచ్చి ఉంటే దాన్ని దాచమనటం లేదు, పక్కన విభాగం పేరు చేర్చమంటున్నాను. ధర విషయంలో మీకు నిర్ణయాధికారం లేకపోతే, ఎవరికి ఉందో వారిని మెయిల్ కాపీలో పెట్టి ఒక వాక్యంలో పరిచయం చేయండి. బీకాం, ఎంబీఏ లాంటి డిగ్రీల వరుస తీసేయండి. డాక్టరేటు ఉంటే, చేసే పనికి దానితో సంబంధం ఉంటే ఉంచండి.

ఇంకొక చిన్న విషయం. ప్రసన్న అనే పేరు చూసి ఆడో మగో చెప్పడం మనకే కష్టం, వాళ్లకు అసలు సాధ్యం కాదు. సంతకంలో పేరు పక్కన `(Ms.)` అని పెడితే అవతలివారి సందేహం తీరుతుంది. ఇది తనకు తాను గౌరవం ఇచ్చుకోవడం కాదు, ఆసియా దేశాల వ్యాపార మెయిళ్లలో తరచూ కనిపించేదే. వాక్యం మధ్యలో మాత్రం ‘నేను మిస్ ప్రసన్నను’ అని రాయకూడదు.

ఒసాకాకు వెళ్లే ఇంగ్లిష్ మెయిల్ చివరికి ఇలా తయారవుతుంది:

```
Dear Yamada-san,

I am writing from ABC, a shrimp processor in Bhimavaram, India.
I handle our exports to Japan. My name is Lakshmi Prasanna
Kandula; please call me Prasanna.

Lakshmi Prasanna KANDULA (Ms.)
プラサンナ
Export Manager, ABC
```

చైనా: ఎక్కడ మార్చాలి

ఇదే మెయిల్‌ను పేరు మార్చి జాన్‌జియాంగ్‌కు పంపకూడదు. ముందు ఆ `-san` తీసేయాలి. ఆసియా అంతటికీ అదే మర్యాద అనుకుని చైనీయులకు సాన్ రాసేవాళ్లు ఉన్నారు. చైనా మనిషికి జపనీస్ గౌరవపదం తగిలిస్తే, ఈ కంపెనీ ఎవరికి రాస్తోందో కూడా చూసుకోలేదన్న అభిప్రాయం మిగులుతుంది.

చైనా పేర్లలో ఇంటిపేరు దాదాపు ఎప్పుడూ ఒక్క అక్షరం, అంటే ఒక్క పలుకు: వాంగ్, లీ, జాంగ్, ల్యూ, చెన్. సొంత పేరు ఒకటి లేదా రెండు పలుకులు. `Li Xiaoming` అని ఉంటే చిన్న ముక్క లీ ఇంటిపేరు, పొడుగుది సొంత పేరు. ఔయాంగ్ లాంటి రెండు పలుకుల ఇంటిపేర్లు కొద్దిగా ఉన్నాయి. ఇబ్బంది వచ్చేది రెండూ ఒక్కో పలుకైనప్పుడు. జాంగ్ వే చైనాలో అతి సాధారణంగా కనిపించే పేర్లలో ఒకటి. విదేశీయులతో పనిచేసే మనిషి దాన్ని తిరగేసి `Wei Zhang` అని రాసుకుంటే, వే అనే ఇంటిపేరు కూడా ఉంది కాబట్టి మీరు ‘మిస్టర్ వే’ అని రాసే అవకాశం ఉంది. ‘మిస్టర్’ అనేదీ అనుమానమే. రోమన్ లిపిలో స్వరం కనబడదు, ఆ ‘వే’ మగవారి పేర్లలో ఎక్కువగా వచ్చే `伟` కావచ్చు, ఆడవారి పేర్లలో వచ్చే `薇` కావచ్చు.

దీనికి మందు చైనీస్ అక్షరాలే. కంపెనీ వెబ్‌సైటులోనో, వ్యాపార ప్రదర్శనలో తీసుకున్న కార్డు మీదో, వీచాట్‌లోనో చూడండి. అక్షరాల్లో మొదటిదే ఇంటిపేరు. దొరకకపోతే `Dear Zhang Wei` అని మొత్తం పేరు రాయండి. జపాన్‌లో ఉత్త పేరు మొరటుగా ఉంటుంది కానీ చైనాలో ఇంగ్లిష్ మెయిల్‌కు పూర్తి పేరు తప్పు కాదు. ‘కెవిన్ ల్యూ’ లాగా ఇంగ్లిష్ పేరు పెట్టుకున్నవారైతే తొలి మెయిల్‌లో ‘మిస్టర్ ల్యూ’ అనండి. ఆయన జవాబు చివర ‘కెవిన్’ అని ఒక్క మాటే రాస్తే, అప్పటి నుంచి అలా పిలవమని అర్థం.

హాంకాంగ్ వాళ్లకు రాస్తుంటే స్పెల్లింగును ముట్టుకోకండి. అక్కడి `Chan` ప్రధాన భూభాగంలో `Chen` అని రాసే అక్షరమే, పలుకు కాంటొనీస్‌ది. తైవాన్ పేర్లలో సొంత పేరు మధ్య గీత ఉంటుంది, తైవాన్ మాజీ అధ్యక్షురాలు సై ఇంగ్-వెన్ పేరులో లాగా. గీత ఉన్న భాగం సొంత పేరు, లేనిది ఇంటిపేరు.

చైనీస్‌లో హోదా ఇంటిపేరు వెనకే వస్తుంది. మేనేజర్ అయితే `王经理`, వాంగ్ జింగ్‌లి. కంపెనీ పెద్ద అయితే `李总`, లీ జొంగ్. ఉపాధ్యక్షుడిని పిలిచేటప్పుడు ‘ఉప’ అనే `副`ను వదిలేసి ఆయన్నీ జొంగ్ అనే అంటారు. హోదా తెలియకపోతే మగవారికి `先生`, ఆడవారికి `女士`. పాత పాఠ్యపుస్తకాల్లో కనిపించే `小姐`ను ప్రధాన భూభాగంలో వాడకపోవడమే క్షేమం, ఇప్పుడు దానికి వేరే అర్థం కూడా అంటుకుంది. ‘నువ్వు’ అనే `你`కు బదులు ‘మీరు’ అనే `您` రాయాలి.

చైనాతో తొలి పరిచయం చాలాసార్లు మెయిల్‌లో కన్నా వీచాట్‌లో జరుగుతుంది. అక్కడ స్నేహితుల జాబితాలో చేర్చుకోమని అడిగేటప్పుడు ఒక చిన్న సందేశం రాసే చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలితే ఎవరో తెలియక తిరస్కరిస్తారు. ప్రసన్న అక్కడ ఇలా రాయవచ్చు:

```
王经理，您好！
我是印度ABC公司的Prasanna，负责冷冻虾出口。
```

‘వాంగ్ మేనేజర్ గారూ, నమస్కారం. ఇండియాలోని ఏబీసీ కంపెనీ ప్రసన్నను, గడ్డకట్టించిన రొయ్యల ఎగుమతి చూస్తాను’ అని భావం. దేశం, కంపెనీ, పేరు, సరుకు అన్నీ రెండు వరుసల్లో వచ్చేశాయి. వీచాట్‌లో మీ పేరును `Prasanna-ABC India` అని మార్చుకోండి. వందల పేర్ల మధ్య వాళ్లు వెతుక్కునేది కంపెనీ పేరుతోనే. చైనీస్ అక్షరాల్లో మీకు మీరే పేరు పెట్టుకోవడం మాత్రం వద్దు. శబ్దం కలిసినంత మాత్రాన అక్షరాల అర్థం బాగుంటుందని లేదు. అవసరమైతే వ్యాపారం సాగాక అవతలివాళ్లే ఒక పేరు సూచిస్తారు.

జవాబు వచ్చాక చూడాల్సింది

మీ పేరు ఎలా చదివారో జవాబులోని మొదటి వరుస చెబుతుంది. ఒసాకా నుంచి `プラサンナ様` అని వస్తే సరిగ్గా చేరింది. ‘కందుల-సాన్’ అని వస్తే దిద్దకండి, అది కూడా మర్యాదే. ‘లక్ష్మీ-సాన్’ అని వస్తే పేరు మధ్యలో చీలిందన్నమాట. ఉపన్యాసం ఇవ్వకుండా తర్వాతి మెయిల్ చివర `Prasanna` అని ఒక్క మాటతో ముగించండి, రెండు మూడు ఉత్తరాల్లో సర్దుకుంటుంది.

వారి పేరు మీరు తప్పు రాస్తే జపాన్‌లో ఎవరూ చెప్పరు. జవాబు కింద సంతకం మాత్రం ఉంటుంది, దాన్ని అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా కనిపిస్తే తర్వాతి మెయిల్‌లో సరైన పేరుతో మొదలుపెట్టి, ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పి విషయంలోకి వెళ్లండి.

మీరు యమదాకు రాస్తే సుజుకి అనే కచో జవాబివ్వడం జపాన్‌లో మామూలే. పని ఆయనకు అప్పగించారన్నమాట. ఆయన్ను దాటి మళ్లీ యమదాకే రాయకూడదు, యమదాను వదిలేయనూ కూడదు. మెయిల్ సుజుకికి, కాపీ యమదాకు పంపి, పైన ఇలా రాయండి:

```
鈴木様
（CC：山田様）
```

కాపీలో ఇద్దరు ముగ్గురు ఉంటే పెద్ద హోదా వారి పేరు ముందు రావాలి. ఎవరు పెద్దో తెలియకపోతే సుజుకి తన మెయిల్‌లో వాళ్ల పేర్లు ఏ వరుసలో రాశారో చూసి అదే వరుసలో రాయండి.